పన్నెండు ఎనిమిదిగా ఎప్పుడు మారింది? మామిడి గుజ్జు ఫ్యాక్టరీ బడ్జెట్ ఫైలుకి ఆడిటర్ అడిగే ప్రశ్న

2025 జూన్‌లో చిత్తూరు జిల్లాలో తోతాపురి కాయ ధర పడిపోయినప్పుడు, కిలోకి 12 రూపాయలు రైతుకి అందాలని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీలు ఇవ్వాలి, మిగతా 4 రూపాయలు ప్రభుత్వం రైతుకి ఇస్తుంది. బంగారుపాళెం నుంచి పుత్తూరు దాకా ఉన్న గుజ్జు ఫ్యాక్టరీల లెక్కల గదుల్లో ఆ వారమంతా బడ్జెట్ ఫైళ్ళు తెరుచుకునే ఉండి ఉంటాయి. కొన్ని ఫైళ్ళలో ముడిసరుకు ధర 12 అని, కొన్నింట్లో 8 అని పడి ఉంటుంది. ఒకే ఫైలులో ముందు 12 పడి, తర్వాత 8 అయినవీ ఉంటాయి. 12 అనేది రైతుకి అందే మొత్తం. ఫ్యాక్టరీ జేబులోంచి పోయేది 8 మాత్రమే. కాబట్టి సరైన అంకె 8. అయినా ఏడాది తర్వాత ఆడిటర్ కూర్చున్నప్పుడు సరైన అంకె ఏదో చెబితే సరిపోదు. ఆ అంకె ఏ రోజు మారింది, ఎవరు మార్చారు, ఏ కాగితం చూసి మార్చారు, మార్చిన ఫైలుని ఎవరు ఒప్పుకున్నారు అన్నది చూపించాలి.

చాలా చోట్ల దీనికి వచ్చే జవాబు, "ఎక్సెల్‌లో వెర్షన్ హిస్టరీ ఉంది కదా సార్" అని. ఈ వ్యాసం ఆ జవాబు మీదే. వెర్షన్ హిస్టరీ ఉండటం మంచిదే, కానీ అది మార్పుకి వివరణ కాదు. సెల్ D14లో 12 పోయి 8 వచ్చిందని అది చెబుతుంది. ప్రభుత్వ ప్రకటన చూసి మార్చారా, బ్యాంకు లిమిట్ సరిపోయేలా కనబడాలని మార్చారా అన్నది చెప్పదు. ఆ రెండింటికీ మధ్య తేడా తేల్చడమే ఆడిటర్ పని.

పైగా అది శాశ్వతంగా ఉండేదీ కాదు. వెబ్ ఎక్సెల్‌లోని Show Changes దాదాపు 60 రోజుల మార్పులే చూపిస్తుంది. జూన్‌లో మార్చిన అంకె సెప్టెంబరు వచ్చేసరికే అందులో కనబడదు, ఆడిటర్ వచ్చేది ఆ మరుసటి ఏడాది. గూగుల్ డ్రైవ్‌లో పెట్టిన ఎక్సెల్ ఫైలు పాత వెర్షన్లు, Keep forever అని గుర్తు పెట్టకపోతే, 30 రోజులకో లేదా 100 వెర్షన్లు దాటాకో తొలగిపోవచ్చు. గూగుల్ షీట్స్‌లోనే తయారు చేసిన ఫైలైతే చిన్న చిన్న మార్పుల్ని ఆ సాఫ్ట్‌వేరే కలిపేస్తుంది. కంపెనీల చట్టం 128వ సెక్షన్ లెక్కల పుస్తకాల్ని, వోచర్లని కనీసం 8 ఆర్థిక సంవత్సరాలు దాచమంటుంది. బడ్జెట్ ఫైలు అచ్చంగా లెక్కల పుస్తకం కిందికి రాకపోయినా, దాని అంకెలు లెక్కల పుస్తకంలోకి వెళ్ళాయంటే దాన్నీ అంతకాలం ఉంచుకోవడమే తెలివి.

ఇంకో మాట కూడా తరచుగా వినిపిస్తుంది, ట్యాలీలో ఎడిట్ లాగ్ ఉంది కాబట్టి చాలని. కంపెనీల (అకౌంట్స్) నిబంధనలు 2014లో 3వ నిబంధన ప్రకారం 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి లావాదేవీకి ఆడిట్ ట్రెయిల్ ఉండాలి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. అది కాయ కొన్న వోచరుకి వర్తిస్తుంది. ఆ వోచరు రేటు ఏ అంచనాతో పోల్చాలో చెప్పే ఎక్సెల్ ఫైలు ఆ లాగ్‌లో లేదు. గొలుసు తెగేది సరిగ్గా అక్కడే.

మరి బడ్జెట్ అనేది లోపలి కాగితం కదా, ఆడిటర్‌కి దానితో పనేమిటి? గుజ్జు ఫ్యాక్టరీలో పని ఉంటుంది. ఎందుకంటే బడ్జెట్‌లోని ధరే చాలాసార్లు స్టాండర్డ్ కాస్ట్‌గా, అంటే ముందే ఖాయం చేసుకున్న ఖర్చుగా మారి, మార్చి 31న గోదాములో మిగిలిన డ్రమ్ముల విలువలోకి వెళుతుంది. స్టాండర్డ్ కాస్ట్ అసలు ఖర్చుకి దగ్గరగా ఉంటేనే దాంతో సరుకు విలువ కట్టవచ్చు, కట్టిన విలువ అమ్మితే చేతికొచ్చే నికర మొత్తాన్ని మించకూడదు. ఇదీ సరుకు నిల్వల ప్రమాణం. ఆడిటర్లకి అంచనాల మీద ప్రత్యేకంగా ఎస్ఏ 540 అనే ఆడిట్ ప్రమాణం ఉంది. కిందటేడు వేసిన అంచనా చివరికి ఏమైందో వెనక్కి వెళ్ళి చూడమని, యాజమాన్యం ఒకవైపు మొగ్గిందేమో గమనించమని అది చెబుతుంది. కంపెనీ నిలబడుతుందా లేదా అన్న ఎస్ఏ 570 పరిశీలనలో కూడా చేతికిచ్చేది ఈ బడ్జెట్ నగదు అంచనానే.

ఒక ఫ్యాక్టరీని ఊహించుకుని ఈ లెక్కంతా చేసి చూద్దాం. ప్రభుత్వ ప్రకటన నిజం, మిగతా అంకెలు వివరణ కోసం వేసుకున్నవి.

2025-26కి బడ్జెట్. సీజన్‌లో 50 రోజులు, రోజుకి 120 టన్నుల కాయ, మొత్తం 6,000 టన్నులు. ధర కిలోకి 15 రూపాయలు. ముడిసరుకు ఖర్చు 9 కోట్లు. దీన్ని మార్చి 28న బోర్డు ఆమోదించింది. ఇది V1.0. ఏప్రిల్‌లో అప్పు కోసం బ్యాంకుకి ఇచ్చిన సీఎంఏ డేటా దీని మీదే కట్టారు. జూన్ 23న ప్రకటన చూసి అకౌంటెంటు ధరని 12 చేశాడు. ఖర్చు 7 కోట్ల 20 లక్షలైంది. ఇది V1.1, ముసాయిదా మాత్రమే. వారం తర్వాత, 4 రూపాయలు ఫ్యాక్టరీ ఖర్చు కాదని తెలుసుకుని ధర 8 చేశారు. అదే సమయంలో కాయ ఎక్కువగా వస్తోందని రెండో షిఫ్టు పెట్టి రోజుకి 140 టన్నులు, అంటే 7,000 టన్నులు అనుకున్నారు. ఖర్చు 5 కోట్ల 60 లక్షలు. జూలై 2న బోర్డు ఒప్పుకుంది. ఇది V2.0.

ఈ పేర్లలోనే మొదటి నియమం ఉంది. చుక్క తర్వాత సున్నా ఉంటే అది ఆమోదం పొందిన ఫైలు, మరే అంకె ఉన్నా ముసాయిదా. Budget_final, Budget_final_new, Budget_final_MD_sir అన్న పేర్లున్న ఫోల్డర్‌లో ఏది ఏదో ఆ పేర్లు పెట్టినవాళ్ళకే ఆరు నెలల తర్వాత తెలియదు. పేరులో ఉండాల్సినవి మూడే: సంవత్సరం, వెర్షను, ఆ వెర్షను మూసేసిన తేదీ.

```
BUD_2526_V1.0_2025-03-28.xlsx
BUD_2526_V1.1_2025-06-23.xlsx
BUD_2526_V2.0_2025-07-02.xlsx
```

తేదీని సంవత్సరంతో మొదలుపెట్టి రాస్తే ఫోల్డర్‌లో వాటంతట అవే వరుసలో కూర్చుంటాయి. ఆమోదం అయిన ఫైలుని వేరే ఫోల్డర్‌లోకి మార్చి, అకౌంటెంటుకి కూడా చదివే హక్కు మాత్రమే ఉంచాలి. తర్వాతి మార్పు ఎప్పుడూ దాని నకలు మీదే జరగాలి. ముసాయిదాల్ని కూడా తీసెయ్యకూడదు. V1.1 తప్పు ఫైలే అయినా దాన్ని తుడిచేస్తే, 12 అనే అంకె ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే ఆధారం కూడా పోతుంది. దాని విలువ ఎంతో కింద లెక్కలో తెలుస్తుంది.

V1.1లోని 12ని ఎవరో ట్యాలీలో స్టాండర్డ్ కాస్ట్‌గా పెట్టేశారు, V2.0 వచ్చాక దాన్ని మార్చడం మరిచారు అనుకుందాం. ఒక కిలో గుజ్జుకి సుమారు 2 కిలోల కాయ పడుతుందన్నది ఈ ఫైలు అంచనా. అంటే కిలో గుజ్జులో కాయ ఖర్చు 16 రూపాయలు కావాల్సింది 24 అయింది. మార్చి 31న 500 టన్నుల గుజ్జు నిల్వ ఉంటే, ఆ ఒక్క పొరపాటుతో నిల్వ విలువ 40 లక్షలు ఎక్కువ పడుతుంది, లాభం కూడా అంతే ఎక్కువ కనబడుతుంది. ఆడిటర్ కాటా చీటీలు, కొనుగోలు బిల్లులు తీసి చూస్తే అసలు ధర 8 అని బయటపడుతుంది. అప్పుడు ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే, "ఈ 12 ఎక్కడిది?" V1.1 ఫైలు, దాని పక్కన ఒక వరుస రాత ఉంటే జవాబు రెండు నిమిషాల పని: ఆమోదం లేని ముసాయిదాలోంచి పొరపాటున వెళ్ళింది, ఇదిగో ఆ ఫైలు, ఇదిగో సరిదిద్దిన ఎంట్రీ. అవి లేకపోతే అదే అంకె, లాభం పెంచి చూపడానికి వేసినట్టుగా కనబడుతుంది.

ఆ వరుస రాత ఉండాల్సింది మార్పుల రిజిస్టరులో. ఫైలులోనే ఒక షీటు పెట్టుకోవచ్చు. ఒక మార్పుకి ఒక వరుస. ఏ సెల్లు, పాత అంకె, కొత్త అంకె, మొత్తం మీద ప్రభావం ఎంత, కారణం, ఆధారం నంబరు, మార్చినవారు, తేదీ. కారణం దగ్గరే అందరూ చేతులెత్తేస్తారు. "ధర సవరించబడింది" అని రాస్తారు. అది కారణం కాదు, జరిగిన పనినే ఇంకోసారి చెప్పడం. కారణం ఇలా ఉండాలి: "ప్రభుత్వం ప్రకటించిన కిలో 12లో 4 ప్రభుత్వ వాటా, ఫ్యాక్టరీ చెల్లించేది 8. V1.1లో మొత్తం 12 వేయడం పొరపాటు." ఈ రెండు వాక్యాలు చదివితే పక్క ఊరి ఫ్యాక్టరీ అకౌంటెంటుకి కూడా అర్థమవుతుంది. ఆ పరీక్ష పెట్టుకుంటే చాలు.

రెండు అంకెలు ఒకేసారి మారినప్పుడు ప్రభావం రాయడంలో ఒక మెలిక ఉంది. V1.0లో 9 కోట్లు, V2.0లో 5 కోట్ల 60 లక్షలు, తేడా 3 కోట్ల 40 లక్షలు. ఇందులో ధర వల్ల ఎంత, పరిమాణం వల్ల ఎంత? ముందు ధర మార్చి చూస్తే, పాత 6,000 టన్నుల మీద కిలోకి 7 రూపాయలు తగ్గి 4 కోట్ల 20 లక్షలు తగ్గాయి. తర్వాత 1,000 టన్నులు 8 రూపాయల చొప్పున 80 లక్షలు పెరిగాయి. అదే ముందు పరిమాణం మారిస్తే 1 కోటి 50 లక్షలు పెరిగి, తర్వాత ధర వల్ల 4 కోట్ల 90 లక్షలు తగ్గాయి. రెండు దారుల్లోనూ చివరి తేడా ఒక్కటే, మధ్యలో అంకెలు వేరు. బోర్డుకి ఒక వరుసలో, బ్యాంకుకి ఇంకో వరుసలో చూపిస్తే ఆడిటర్ చేతిలో రెండు వేర్వేరు వివరణలు పడతాయి, రెండూ సరైనవే అయినా. ఏ వరుస పట్టాలో ముందే నిర్ణయించుకుని, "ధర ముందు, పరిమాణం తర్వాత" అని రిజిస్టరు మొదట్లోనే రాసి పెట్టాలి.

పరిమాణం మార్చినప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది, ఇది చాలా ఎక్కువగా కనబడేది. కాయ 6,000 నుంచి 7,000 టన్నులైతే గుజ్జు 3,000 నుంచి 3,500 టన్నులవుతుంది. అసెప్టిక్ డ్రమ్ముకి 215 కిలోల లెక్కన డ్రమ్ములు 13,954 నుంచి 16,280 కావాలి. అంటే 2,326 డ్రమ్ములు, వాటిలో వేసే సంచులు, రెండో షిఫ్టు కూలీ, కరెంటు అన్నీ పెరగాలి. V2.0లో డ్రమ్ముల దగ్గర 13,954 అనే ఉంటే, ఎప్పుడో ఎవరో ఫార్ములా మీద అంకె టైపు చేసేశారని అర్థం. ఆ సెల్లులో ఉండాల్సింది ఇది (B6లో కాయ టన్నులు, B9లో 0.5):

```
=ROUNDUP(B6*1000*B9/215,0)
```

ఇలాంటి చోట్లు కంటితో వెతకడం కష్టం. లెక్కల షీటుని మొత్తం ఎంచుకుని కండిషనల్ ఫార్మాటింగ్‌లో ఈ ఫార్ములా పెడితే, టైపు చేసిన అంకెలన్నీ రంగులో తేలతాయి (పై ఎడమ సెల్లు A1 అయితే):

```
=AND(ISNUMBER(A1),NOT(ISFORMULA(A1)))
```

అంచనాలు వేసే షీటులో టైపు చేసిన అంకెలు ఉండటం సహజం. లెక్క కట్టే షీటులో ఒక్కటి ఉన్నా దానికి రిజిస్టరులో వరుస ఉండాలి. ఇంకో ఫైలుకి లింకులున్న బడ్జెట్లతో మరో చిక్కు. ఆమోదించిన ఫైలుని ఏడాది తర్వాత తెరిచి "Update" నొక్కితే అవతలి ఫైలులోని ఇప్పటి అంకెలు వచ్చి కూర్చుంటాయి. బోర్డు చూసిన మొత్తం ఒకటి, ఇప్పుడు తెర మీద కనబడేది ఇంకొకటి. అందుకే వెర్షను మూసే ముందు లింకుల్ని తెంచి విలువలుగా మార్చాలి, ఆ లింకు ఏ ఫైలుకి ఉండేదో రిజిస్టరులో రాయాలి.

ఆధారాల సంగతికి వస్తే, రిజిస్టరులోని ఆధారం నంబరు ఒక ఫోల్డర్‌లోని కాగితానికి దారి చూపాలి. S-07 అంటే ప్రభుత్వ ఉత్తర్వు నకలు. S-08 అంటే రెండో షిఫ్టు గురించి ప్రొడక్షన్ మేనేజర్ రాసిన నోటు, 50 రోజులు, రోజుకి 140 టన్నులు ఎలా వస్తుందో షిఫ్టు పట్టీతో సహా. వెబ్ లింకు ఒక్కటే పెడితే ఏడాదికి ఆ పేజీ ఉంటుందో ఉండదో తెలియదు, పైగా పేజీలోని మాటలు మారవచ్చు. పీడీఎఫ్‌గా దింపి, దింపిన తేదీ పేరులో పెట్టాలి. పత్రికలో వచ్చిన వార్త మొదటి రోజు ఆధారంగా పనికొస్తుంది, అసలు ఉత్తర్వు చేతికి రాగానే దాన్ని వార్త పక్కనే చేర్చి, వార్తని కూడా అలాగే ఉంచాలి. ఎందుకంటే జూన్ 23న 12 అని వేసిన మనిషి చూసింది ఆ వార్తనే. ఆ రోజు తెలిసింది ఎంత, తర్వాత తెలిసింది ఎంత అన్నది వేరుగా కనబడాలి. ఇది ఆడిటర్‌కి మిగతా అన్నిటికంటే ముఖ్యం. అంచనా తప్పడం నేరం కాదు. అంచనా వేసిన రోజున చేతిలో ఉన్న సమాచారానికి విరుద్ధంగా వేసినట్టు తేలితేనే కష్టం.

ధర ఆధారంలో మరో చిన్న విషయం మరిచిపోకూడదు. ఆ రేటు ఎక్కడిది? కాయ కొనే ర్యాంపు దగ్గర రేటు, ఫ్యాక్టరీ గేటు దగ్గర రేటు ఒకటి కావు. దించే కూలీ, లారీ బాడుగ, తరుగు కింద కాయ తీసివేత అందులో ఉన్నాయో లేవో ఒక్క పంక్తి రాయకపోతే, బిల్లులోని 8 రూపాయలు, బడ్జెట్‌లోని 8 రూపాయలు ఒకటే అనుకుని పోల్చేస్తారు.

ఇక ఆమోదం. మన దగ్గర మధ్యతరహా ఫ్యాక్టరీల్లో ఆమోదం అంటే ఎండీగారు వాట్సాప్‌లో పెట్టే "ఓకే" అనే మాట. ఆ ఓకే దేనికి? పైన పంపిన ఫోటోకా, దానికి ముందు పంపిన ఫైలుకా? ఆయన చూసిన తర్వాత ఫైలు మారలేదని ఎలా నమ్మాలి? ఆమోదం ఒక ఖచ్చితమైన ఫైలుకి ముడిపడాలి. దానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మూసిన ఫైలుకి విండోస్‌లో ఈ ఆదేశం ఇస్తే 64 అక్షరాల గుర్తు వస్తుంది:

```
certutil -hashfile BUD_2526_V2.0_2025-07-02.xlsx SHA256
```

ఆ గుర్తుని ఆమోదం కోరే మెయిల్‌లో, బోర్డు మినిట్స్‌లో రాయాలి. ఫైలులో ఒక్క అంకె మారినా గుర్తు మొత్తం మారిపోతుంది. ఒక జాగ్రత్త ఉంది. అంకెలేమీ మార్చకుండా ఊరికే తెరిచి సేవ్ చేసినా ఎక్సెల్ ఫైలు లోపల సేవ్ అయిన సమయం మారి, గుర్తు మారుతుంది. దాన్ని చూసి ఎవరో మోసం చేశారని కంగారు పడనక్కర్లేదు, కానీ మూసిన ఫైలుని చదివే హక్కుతోనే తెరవాలన్న నియమం ఇందుకే.

గుర్తుతో పాటు మెయిల్‌లో మూడు ముఖ్యమైన అంకెలు రాయడం ఇంకా మంచిది, ఎందుకంటే 64 అక్షరాల్ని ఏ డైరెక్టరూ చదవడు. "V2.0ని ఆమోదిస్తున్నాను. కాయ 7,000 టన్నులు, ముడిసరుకు 5 కోట్ల 60 లక్షలు, డ్రమ్ములు 16,280" అని ఎండీ తన జవాబులో రాస్తే, ఆయన ఏ అంకెలు చూసి ఒప్పుకున్నాడో వివాదం ఉండదు. ఫైలు తయారు చేసినవాడే ఆమోదించకూడదు. ఇద్దరే ఉన్న ఆఫీసులో అయినా ఒకరు చేస్తే ఒకరు చూడాలి. ఎంత మార్పుకి ఎవరి సంతకం చాలో కూడా ముందే రాసుకోవాలి. మొత్తం ఖర్చులో 2 శాతం లోపు మార్పుకి ఎండీ, ఆ పైన బోర్డు అన్నట్టు ఏదో ఒకటి. అంకె ఎంత పెట్టుకున్నారన్నది అంత ముఖ్యం కాదు, మార్పు వచ్చాక ఆ హద్దుని జరపకుండా ఉండటం ముఖ్యం. 1.9 శాతం మార్పులు వరుసగా మూడు కనబడితే ఆడిటర్ వాటిని కలిపే చూస్తాడు. కాబట్టి హద్దు చివరిసారి బోర్డు ఆమోదించిన వెర్షను నుంచి లెక్కపెట్టాలి, నిన్నటి ముసాయిదా నుంచి కాదు.

V2.0 ఆమోదం అయిన రోజే చేయాల్సిన ఇంకో పని, పాత అంకెలు ఎక్కడెక్కడికి వెళ్ళాయో చూడటం. సీఎంఏ డేటా V1.0 మీద ఉంది. బ్యాంకుకి వేరే అంకెలు తెలియజేశారా లేదా, తెలియజేస్తే ఏ తేదీ ఉత్తరంతో? ట్యాలీలో స్టాండర్డ్ కాస్ట్ ఏ వెర్షను నుంచి తీసుకున్నారు? ఈ రెండు గమ్యాల్ని రిజిస్టరు చివర రాసి, ప్రతి కొత్త వెర్షనుకీ మార్చారో లేదో గుర్తు పెట్టుకుంటే, పైన చెప్పిన 40 లక్షల తేడా పుట్టే అవకాశమే ఉండదు.

ఇవేవీ లేకుండా ఏడాది గడిచిపోయిన ఫైలు చేతిలో ఉంటే? రిజిస్టరు ఇప్పుడు కూర్చుని పాత తేదీలతో రాయడం అన్నిటికంటే ప్రమాదకరం. ఎక్సెల్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. దాని లోపల docProps/core.xmlలో ఫైలు పుట్టిన సమయం, చివరగా సేవ్ చేసిన సమయం, చేసినవారి పేరు ఉంటాయి. 2025 జూన్ నాటి రిజిస్టరు అని చూపించిన ఫైలు 2026 ఆగస్టులో పుట్టినట్టు అక్కడ కనబడితే, అప్పటిదాకా నమ్మిన కాగితాల మీద కూడా ఆడిటర్‌కి నమ్మకం పోతుంది. అలా కాకుండా ఈ రోజు తేదీతోనే ఒక నోటు రాయాలి. పైన "తర్వాత కూర్చినది" అని స్పష్టంగా పెట్టాలి. మెయిళ్ళలో పంపిన జతఫైళ్ళు, బ్యాంకుకి ఇచ్చిన నకళ్ళు, బోర్డు మినిట్స్ వెతికి, ఒక్కో మార్పుకి దొరికిన ఆధారం ఏదో, దొరకనిది ఏదో విడివిడిగా రాయాలి. మెయిల్‌లో వెళ్ళిన జతఫైలు చాలా విలువైనది, అది పంపిన రోజున ఎలా ఉందో అలాగే ఆ మెయిల్‌లో ఉంటుంది. 12 ఎప్పుడు 8 అయిందో తెలియని ఫ్యాక్టరీలో మొదట వెతకాల్సింది 2025 జూన్, జూలై నెలల్లో పంపిన మెయిళ్ళ ఫోల్డరే.